కొత్త పోస్టుకి గ్రేడ్ సమర్థిస్తూ సారాంశం రాయాలి, 436 పాయింట్ల దగ్గర ఆగిపోయాం

కొత్తపాళీ
మా దగ్గర 'సప్లయర్ క్వాలిటీ కోఆర్డినేటర్' అని కొత్త పోస్టు పెడుతున్నారు. దానికి జాబ్ ఎవాల్యుయేషన్ సారాంశం ఒక పేజీలో నేను రాయాలి. మా స్కీమ్‌లో పోస్టు పనికి అంశాలవారీగా పాయింట్లు వేస్తారు. 380 నుంచి 439 వరకు గ్రేడ్ 6, 440 నుంచి గ్రేడ్ 7. కమిటీ లెక్క 436 దగ్గర తేలింది. మేనేజర్ మాత్రం 7 కావాల్సిందే అంటున్నారు. ఆ సీటుకి అనుకున్న మనిషి ఇప్పటికే 6లో ఉన్నారు, అదే గ్రేడ్‌లోకి అయితే రారట. ఈ పోస్టు కింద ఎవరూ పనిచేయరు. కానీ వచ్చిన సరుకులో తేడా కనిపిస్తే ఆ లాట్‌ని ఎవరినీ అడగకుండా రెండు రోజులు ఆపేయవచ్చు. సారాంశం ఎలా మొదలుపెట్టాలి, ఏ పోస్టులతో పోల్చాలి, ఆ 4 పాయింట్లు ఏం చేయాలి? రేపటికి ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

షిఫ్ట్‌ఇన్‌ఛార్జ్
కింద ఒక్క మనిషి కూడా లేని పోస్టుకి 7 ఏంటండీ? నా కింద 14 మంది ఉన్నారు. సెలవులు, గొడవలు, కొత్తవాళ్లకి పని నేర్పడం అన్నీ నావే. నాది గ్రేడ్ 6. ఇలాంటివి చూస్తే కడుపు మండుతుంది.

మూడోకుర్చీ
పదకొండేళ్లుగా ఎవాల్యుయేషన్ కమిటీలో కూర్చుంటున్నాను, సుమారు మూడు వందల పోస్టులు చూశాను. కొత్తపాళీ గారూ, ముందు ఆ మనిషి సంగతి పక్కన పెట్టేయండి. సారాంశంలో ఆయన ఊసే రాకూడదు. 1951 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒప్పందం కూడా చేయాల్సిన పనిని బట్టే ఉద్యోగాలను నిష్పాక్షికంగా అంచనా వేయాలంటుంది. ఆయన ఎక్కువ అడుగుతున్నారంటే అది నియామకం దగ్గర తేల్చుకోవాల్సిన జీతం బేరం, గ్రేడ్ కాదు.

ఇక 4 పాయింట్లు. అసలు మీ స్కీమ్‌లో 4 పాయింట్లు కలిపే వీలుందా? మామూలుగా ఒక అంశంలో ఒక మెట్టు ఎక్కితే ఇరవై దాకా మారతాయి. అంటే మీరు అడగాల్సింది '4 ఎక్కడ దొరుకుతాయి' అని కాదు, 'ఏ అంశంలో అయినా కమిటీ ఒక మెట్టు తక్కువ చదివిందా' అని. రెండు ప్రశ్నలకీ చాలా తేడా ఉంది.

కొత్తపాళీ
అవునండీ, చూశాను. బాధ్యత అంశంలో మెట్టుకి 22 ఉన్నాయి.

షిఫ్ట్‌ఇన్‌ఛార్జ్
మూడోకుర్చీ గారు నా మాటకి జవాబే ఇవ్వలేదు. 14 మంది లెక్కలోకి రారా?

మూడోకుర్చీ
వస్తారు, మీ పోస్టు విలువ కట్టేటప్పుడు. వాళ్లందరూ ఒకే పని ఒకే పద్ధతిలో చేస్తుంటే, 14 మందికి 5 మందికి తేడా మీరనుకున్నంత ఉండదు. కింద మనుషులు లేకపోయినా, ఆ సీటులోని మనిషి తప్పు నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో, అది ఎంతకాలానికి బయటపడుతుందో అని కూడా చూస్తాం.

షిఫ్ట్‌ఇన్‌ఛార్జ్
'మీరనుకున్నంత ఉండదు' అని కుర్చీలో కూర్చుని చెప్పడం తేలిక. రాత్రి రెండు గంటలకి ఇద్దరు రాకపోతే లైన్ నడిపి చూపించండి.

నిలువుటద్దం
షిఫ్ట్‌ఇన్‌ఛార్జ్ గారి కోపంలో సగం న్యాయముంది. నేను పదేళ్లు ఫిర్యాదుల కౌంటర్‌లో పనిచేశాను. రోజంతా ఎదుటివాళ్ల అరుపులు వినాలి, గొంతు పెంచకూడదు. మా పోస్టు సారాంశంలో ఏం రాశారో తెలుసా? 'కస్టమర్లతో మాట్లాడతారు.' ఒక్క వాక్యం! అదే గ్రేడ్‌లో ఉన్న స్టోర్ వాళ్లకి మాత్రం 'బరువులు ఎత్తుతారు, దుమ్ములో పనిచేస్తారు' అని వివరంగా రాశారు. మా స్కీమ్‌లో శారీరక శ్రమకి పాయింట్లు ఉన్నాయి, మనసు మీద పడే ఒత్తిడికి అసలు గడే లేదు. మా కౌంటర్‌లో అందరం ఆడవాళ్లమే. రివ్యూకి వెళ్తే స్కీమ్ మార్చలేం అన్నారు. అందుకే చెప్తున్నా, కనబడని పనిని ఎవరో ఒకరు రాయకపోతే దానికి విలువే ఉండదు.

లెక్కలరాయుడు
ఇంత గోల ఎందుకు? బయట ఆ పోస్టుకి ఎంత ఇస్తున్నారో చూసి దానికి దగ్గరగా ఉన్న గ్రేడ్ రాసేయండి. నేను ఎప్పుడూ అంతే చేస్తా.

మూడోకుర్చీ
వద్దండీ. బయటి రేటు చూడటం తప్పు కాదు, కానీ దాన్ని గ్రేడ్‌లోకి కలపకూడదు. బయట కొరత ఉంటే విడిగా మార్కెట్ అలవెన్స్ ఇచ్చి, ఏడాదికోసారి మళ్లీ చూడాలి. కొరత తీరాక అలవెన్స్ ఆపవచ్చు, గ్రేడ్‌ని మాత్రం కిందికి దింపలేరు. పైగా అదే పాయింట్లు వచ్చిన మిగతా పోస్టులవాళ్లకి ఏం చెప్తారు?

లెక్కలరాయుడు
అలవెన్స్ అంటే మనుషులు రారు, అందరూ గ్రేడ్ పేరే చూస్తారు. ఇది మీ పుస్తకాల్లో ఉండదు.

కొత్తపాళీ
దయచేసి ఇది చూడండి. బాధ్యత గురించి ఇలా రాశాను: 'సప్లయర్ నాణ్యతకు సంబంధించిన కార్యకలాపాలను సమర్థంగా సమన్వయం చేస్తారు. నాణ్యతపై లోతైన అవగాహనతో కీలక నిర్ణయాలలో ముఖ్య పాత్ర వహిస్తారు.'

మూడోకుర్చీ
ఇందులో కమిటీ పట్టుకోవడానికి ఏమీ లేదు. 'సమర్థంగా' అనేది మనిషి పనితీరు, పోస్టు గుణం కాదు. 'సమన్వయం' అంటే ఫోన్లు చేయడమా, ఆపేయడమా? 'లోతైన అవగాహన' జ్ఞానం కింద ఇప్పటికే లెక్కేశారు, బాధ్యతలో మళ్లీ తెస్తే ఒకే విషయానికి రెండుసార్లు పాయింట్లు పడతాయి. ఆపిన లాట్‌ని ఎవరు విడుదల చేస్తారు? పొరపాటున మంచి సరుకు ఆపితే ఏమవుతుంది, చెడ్డది వదిలితే ఎప్పుడు తెలుస్తుంది? అవి చెప్పండి.

కొత్తపాళీ
విడుదల చేసేది మేనేజరే. మంచిది ఆపితే లైన్ సగం రోజు ఆగవచ్చు. చెడ్డది వదిలితే మూడు వారాల తర్వాత, సరుకు కొన్నవాళ్ల దగ్గర బయటపడుతుంది. మధ్యలో ఇంకెవరూ చూడరు.

మూడోకుర్చీ
ఆ చివరి మాటే అసలు సాక్ష్యం. ఇలా రాయండి: 'తేడా ఉన్న లాట్‌ని సొంత నిర్ణయంతో రెండు రోజుల వరకు ఆపుతారు. విడుదల నిర్ణయం మేనేజర్‌ది. ఆపకుండా వదిలిన లోపాన్ని పట్టుకునే తనిఖీ తర్వాతి దశల్లో లేదు. అది దాదాపు మూడు వారాలకు కొనుగోలుదారు దగ్గర బయటపడుతుంది.' పొగడ్త ఒక్కటీ లేదు చూడండి. దీన్ని మీ స్కీమ్‌లో మెట్ల వర్ణన పక్కన పెట్టుకోండి. ఏ మెట్టుకి సరిపోతే అదే.

పోలికకి రెండు చాలు. ఇప్పటికే స్థిరపడిన గ్రేడ్ 6 పోస్టు ఒకటి, 7 ఒకటి. ఒకదాని కంటే ఏ అంశంలో ఎక్కువో, రెండోదాని కంటే ఎక్కడ తక్కువో చెరో వాక్యం. అన్ని అంశాల్లోనూ పెద్దదే అని చూపించడానికి చూస్తే ఎవరూ నమ్మరు.

షిఫ్ట్‌ఇన్‌ఛార్జ్
గ్రేడ్ 6 పోలికకి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌నే పెట్టండి. మనుషుల విషయంలో మాది ఎక్కువ అని కూడా రాయండి. అలా రాస్తే ఒప్పుకుంటా.

కొత్తపాళీ
అదే పెట్టాను. 'సిబ్బంది పర్యవేక్షణలో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ కంటే తక్కువ, సొంత నిర్ణయంలో ఎక్కువ' అని రాశాను.

నిలువుటద్దం
ఆ పోస్టులో సప్లయర్లతో రోజూ గొడవపడాలి కదా, అది ఎక్కడ రాశారు?

కొత్తపాళీ
రాయలేదు, ఇప్పుడు కలుపుతున్నాను. ఇంకో సమస్య వచ్చింది. మెట్ల వర్ణన చూస్తే మూడో మెట్టులో 'పర్యవేక్షణలో నిర్ణయాలు' అని, నాలుగో మెట్టులో 'తుది ఫలితంపై నేరుగా ప్రభావం' అని ఉంది. ఆపేది ఈ పోస్టు, విడుదల చేసేది మేనేజర్. ఇది మూడా, నాలుగా?

మూడోకుర్చీ
నేనైతే నాలుగంటాను, ఎందుకంటే వదిలేసిన లాట్ మేనేజర్ దాకా రాదు, ఆ నిర్ణయాన్ని చూసేవాళ్లు లేరు. కానీ మా కమిటీలోనే ఇద్దరు మూడంటారు. సారాంశంలో మెట్టు పేరు మీరు రాయకండి, సాక్ష్యం రాసి వాళ్లకి వదిలేయండి. మళ్లీ 436 వస్తే గ్రేడ్ 6 అని మేనేజర్‌కి ముందే చెప్పి పెట్టండి.

లెక్కలరాయుడు
ముందే చెప్తే ఆయన విడుదల అధికారం కూడా ఈ పోస్టుకే ఇచ్చేస్తారు, కాగితం మీద.

మూడోకుర్చీ
నిజంగా ఇస్తే అది వేరే పోస్టు, మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టాలి. కాగితం మీదే అయితే ఆరు నెలల తర్వాత రివ్యూలో ఎన్ని లాట్లు ఎవరి సంతకంతో విడుదలయ్యాయో రిజిస్టర్ తెమ్మంటాను.