1991 సంస్కరణలు: అప్పుల సంక్షోభానికి, లైసెన్సుల రద్దుకు లింకు ఏంటి?

గ్రూప్స్ మెయిన్స్‌కి జవాబు రాస్తూ ఒకచోట ఆగిపోయాను. 1991లో మన విదేశీ మారక నిల్వలు రెండు, మూడు వారాల దిగుమతులకు మించి లేవు. గల్ఫ్ యుద్ధంతో చమురు బిల్లు పెరిగింది. జులైలో సుమారు 47 టన్నుల బంగారం తాకట్టుకు విదేశాలకు పంపారు, రూపాయి విలువ రెండుసార్లు తగ్గించారు. ఇంతవరకు అర్థమైంది.

కానీ అదే జులై 24న 18 పరిశ్రమలు మినహా మిగతావాటికి లైసెన్సులు ఎత్తేశారు. డాలర్ల కొరతకు, ఫ్యాక్టరీ ఎంత ఉత్పత్తి చేయాలో ఢిల్లీ నిర్ణయించడానికి సంబంధం ఏంటి? ఐఎంఎఫ్ షరతు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మార్కులు పోతాయేమోనని టెన్షన్. 80లలోనే మొదలైన సడలింపులను కారణాల్లో రాయాలా, నేపథ్యంలోనా? ఫలితాల్లో వృద్ధి గురించి రాయగలను, ఉద్యోగాలు ఆ స్థాయిలో ఎందుకు పెరగలేదో మాత్రం తెలిసినవాళ్లు కాస్త వివరించండి.