క్యారేజీకి ఆరు రూపాయలు పెంచుతున్నాం: మెసేజ్‌లో కారణం రాయాలా, వద్దా?

నిజాంపేట క్యారేజీ:
హైదరాబాద్ నిజాంపేటలో ఇంటి నుంచే టిఫిన్ సర్వీస్. 40 మందికి మధ్యాహ్నం క్యారేజీ, ఆదివారం సెలవు, నెలకు 26 లెక్కన ముందే డబ్బు తీసుకుంటాం. ఇప్పుడు ఒక్కోటి 90. నవంబరు 1 నుంచి 96 చేయాలి. పాతవాళ్ళకి పంపబోయేది ఇదీ: "అందరికీ నమస్కారం. నూనె, కూరగాయలు, గ్యాస్ ధరలు విపరీతంగా పెరిగినందున తప్పనిసరి పరిస్థితుల్లో క్యారేజీ ధర స్వల్పంగా పెంచుతున్నాము. అసౌకర్యానికి క్షమించగలరు, సహకరించగలరు." కారణాలు రాయాలని ఇంట్లో ఒకరు, వద్దని ఒకరు. మీరేమంటారు?

పెసరట్టు:
టిఫిన్‌కి 96 రూపాయలా! ఆ డబ్బుకి మా సెంటర్లో ఇద్దరు ఇడ్లీ, వడ తిని టీ కూడా తాగొస్తారు. ఆరు పెంచే బదులు చట్నీ ఒకటే ఇవ్వండి, పల్లీల ఖర్చు తగ్గుతుంది.

నిజాంపేట క్యారేజీ:
పొద్దుటి టిఫిన్ కాదండీ, భోజనం. అన్నం, పప్పు, కూర, చారు, పెరుగు. పేరు అలా పడిపోయింది.

వంటింటి లెక్క:
కారణాల సంగతి తర్వాత. ఆ మెసేజ్‌లో ఎంత పెరిగిందో లేదు, ఎప్పటి నుంచో లేదు. "స్వల్పంగా" అని చదివినవాళ్ళు ఎంతో తెలుసుకోడానికి ఫోన్ చేస్తారు. మీరు పొద్దున పంపితే ఆ ఫోన్లన్నీ పదకొండింటికి, సరిగ్గా గిన్నెలు సర్దే వేళకి వస్తాయి. పాత ధర, కొత్త ధర, తేదీ, ఈ మూడూ మొదటి వాక్యంలోనే ఉండాలి.

ఇక కారణాలు. నూనె పేరు రాస్తే నూనె తగ్గిన రోజు మీరూ తగ్గించాలి. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద 20 శాతం దిగుమతి సుంకం వేసింది, రేట్లు లేచాయి. 2025 మే నెలాఖరులో అదే సుంకాన్ని 10 చేసింది. మొదటి వార్త చూపించి పెంచినవాళ్ళని రెండో వార్త చూపించి అడగరా? టమాటా అయితే మరీ. 2023 జూలైలో కిలో వంద దాటి ఎక్కడికో పోయింది, సెప్టెంబరు వచ్చేసరికి మదనపల్లె మార్కెట్లోనే కూలబడింది. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ధర ప్రతి నెలా ఒకటో తేదీన మారుతుంది, ఒక నెల పైకి, ఒక నెల కిందికి. మీరు రాసిన మూడూ పెరిగి తగ్గేవే. అసలు మీకు ఖర్చు ఎక్కడ పెరిగిందో చెప్పండి.

నిజాంపేట క్యారేజీ:
పోయిన ఏడాది ఇదే నెల బిల్లులు పక్కన పెట్టి చూశాం. డెలివరీ కుర్రాడికి నెలకు 1,500 పెంచాం, వంటలో సాయానికి వచ్చే ఆవిడకి ఇంకో 1,500. బియ్యం, పాలు, నూనె, కూరగాయలు, గ్యాస్ అన్నీ కలిపి 3,200 దాకా పెరిగింది. మొత్తం 6,200. నెలకు 1,040 క్యారేజీలు కాబట్టి ఒక్కోదానికి ఆరు రూపాయలు.

వంటింటి లెక్క:
చూశారా, సగానికి దగ్గరగా ఉన్నది జీతాలు. మెసేజ్‌లో వాటి ఊసే లేదు. జీతం ఒకసారి పెంచాక ఎవరూ వెనక్కి తీసుకోరు కాబట్టి "ఇప్పుడు తగ్గింది కదా" అనే ప్రశ్నే రాదు. పైగా ఆ కుర్రాడు రోజూ వాళ్ళ గుమ్మంలోకి వచ్చేవాడే. కారణం రాయండి, ఒక్క వాక్యం, నిజమైనది.

గోదావరి గట్టు:
నేనైతే ధర జోలికే పోను. కొలత కొంచెం తగ్గిస్తే ఎవరూ గమనించరు. లేదా ధర 90కే ఉంచి బిల్లులో 5 శాతం జీఎస్టీ అని వేయండి, అది ప్రభుత్వం ఖాతాలోకి పోతుంది కాబట్టి ఎవరూ ఏమీ అనరు.

వంటింటి లెక్క:
జీఎస్టీ మాట మాత్రం చేయకండి. వీళ్ళ ఏడాది రాబడి పదకొండు లక్షల చిల్లర. సేవలకి 20 లక్షలు దాటితే గానీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు ఆ పేరుతో పైసా వసూలు చేయకూడదు. నంబరు ఏదని ఒక్కరు అడిగితే చాలు.

కొలత సంగతి లెక్క వేద్దాం. మనిషికి 150 గ్రాముల బియ్యం అనుకోండి, కిలో 60 చొప్పున తొమ్మిది రూపాయలు. 20 గ్రాములు తగ్గిస్తే మిగిలేది రూపాయి ఇరవై పైసలు. ఆరు రూపాయలూ అక్కడే రాబట్టాలంటే 100 గ్రాములు తీసేయాలి, ఇంక ఉండేది పిడికెడు. కూరలో తగ్గిద్దామంటే స్టీలు గిన్నె అదే సైజు. నిన్న అంచు దాకా ఉన్నది ఇవాళ వేలెడు కిందికి దిగితే మూత తీయగానే తెలిసిపోతుంది. చారు పల్చబడితే ఇంకా ముందు.

గోదావరి గట్టు:
సరే, జీఎస్టీ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ మెనూ మార్చొచ్చు కదా? టమాటా మండిపోయే వారం తోటకూర పప్పో, దోసకాయ పప్పో చేస్తే ఎవరికి నష్టం? బెండకాయ వేపుడుకి పట్టే నూనె సొరకాయ కూరకి పట్టదు.

వంటింటి లెక్క:
అది మంచి మాటే. కూరగాయల పోటుని అలా కాయొచ్చు. 3,000 జీతాల్ని మాత్రం సొరకాయతో కాయలేం.

రూమ్ నంబర్ 304:
నేను తినేవాళ్ళ తరఫున. బెంగళూరులో మాకు క్యారేజీ పంపే ఒకాయన 30వ తేదీ రాత్రి మెసేజ్ పెట్టి ఒకటి నుంచి అమలు అన్నాడు. ఆరేడు రూపాయలకి ఎవరం బాధపడలేదు. ముందే డబ్బు కట్టి తినని రోజులు, అంటే నాగాలు, నాకు ఏడు మిగిలి ఉంటే, వాటి డబ్బు కొత్త ధరకి లెక్కగట్టి ఆరే పంపాడు. అక్కడ మండింది.

మునగాకు:
ఇదే అసలు చూసుకోవాల్సింది. ఏడు నాగాలంటే 90 చొప్పున 630. దాన్ని 96తో భాగిస్తే ఆరున్నర క్యారేజీలు. ఆ అర ఎలా పంపుతారు? అందుకే పుస్తకంలో మిగులు రూపాయల్లో రాయకూడదు, క్యారేజీల్లో రాయాలి. "ఏడు ఉన్నాయి" అంటే ఏడే వెళ్తాయి. మీకు పోయేది 42 రూపాయలు. కాకపోతే గడువు పెట్టండి, పాత నాగాలు నవంబరు నెలాఖరు దాకానే అని. ఇంకొకటి, మెసేజ్ చూడగానే మూడు నెలలకి పాత ధరే కట్టేస్తామనే తెలివైనవాళ్ళు ఉంటారు. పాత ధరకి అడ్వాన్స్ ఇకపై తీసుకోకండి.

తినేవాళ్ళు, డబ్బు వేసేవాళ్ళు ఒకరేనా అన్నది కూడా చూడండి. నిజాంపేట, కూకట్‌పల్లి వైపు పెద్దవాళ్ళు ఇక్కడ తింటుంటే కొడుకో కూతురో అమెరికా నుంచి నెలనెలా పంపే ఇళ్ళు చాలా. ముందు పిల్లలకి చెప్పండి. పెద్దవాళ్ళు ముందు చదివితే "అబ్బాయికి ఖర్చు ఎందుకు, ఇద్దరికీ ఒక్క క్యారేజీ చాలు" అంటారు. ఆరు రూపాయల దగ్గర మొదలై ఒక క్యారేజీ పోతుంది.

గ్రూపులో పెట్టొద్దు. అక్కడ ఒకరు "ఎక్కువ కదండీ" అంటే మొహమాటంగా ఊరుకునేవాళ్ళు కూడా గొంతు కలుపుతారు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడండి, కానీ మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకోనివాళ్ళకి అది చేరదు. పంపిన మెసేజ్ మీద నొక్కి పట్టి ఇన్ఫో చూస్తే ఎవరికి అందిందో కనిపిస్తుంది. మిగిలినవాళ్ళకి విడిగా పంపాలి. అక్టోబరు 20వ తేదీలోపు అందరికీ వెళ్ళిపోవాలి.

నిజాంపేట క్యారేజీ:
నాగాలు ఇన్నాళ్ళూ రూపాయల్లోనే రాస్తున్నాం, మారుస్తాం. మాకున్న భయం ఒకటే, ఎంతమంది మానేస్తారోనని.

వంటింటి లెక్క:
ఒక్కో క్యారేజీకి సరుకులు, గ్యాస్ మాత్రమే వేస్తే, అంటే ఒక మనిషి మానేస్తే మీకు తగ్గే ఖర్చు మాత్రమే, ఎంతవుతుంది?

నిజాంపేట క్యారేజీ:
ఇప్పటి రేట్లకి 58.

వంటింటి లెక్క:
అయితే 90కి ఇస్తే 32 మిగులుతుంది. 40 మందికి, 26 రోజులకి 33,280. జీతాలు, మీ కష్టం అందులోంచే. 96కి ఇస్తే 38 మిగులుతుంది. 34 మంది ఉన్నా 33,592 వస్తుంది. అంటే ఆరుగురు మానేసినా ఇప్పటికంటే తక్కువ రాదు, వంట పని తగ్గుతుంది. ఏడో మనిషి వెళ్ళినప్పుడు ఆలోచించాలి. అయితే ఒకే అపార్ట్‌మెంట్ వాళ్ళు పోతే కుర్రాడి తిరుగుడు తగ్గుతుంది, చెదురుగా పోతే తగ్గదు. అది ఈ లెక్కలో లేదు.

నిజాంపేట క్యారేజీ:
తిరగరాశాం: "నమస్కారం అండీ. నవంబరు 1 నుంచి క్యారేజీ 90 బదులు 96 రూపాయలు. 26 క్యారేజీలకి 2,340 బదులు 2,496. డెలివరీ చేసే అబ్బాయికి, వంటలో సాయం చేసే ఆవిడకి జీతాలు పెంచాం, సరుకుల ఖర్చు కూడా పెరిగింది. అన్నం, పప్పు, కూర, చారు, పెరుగు ఇప్పటి కొలతే. మీకు మిగిలిన నాగాలు ఎన్ని ఉంటే అన్ని క్యారేజీలు నవంబరు నెలాఖరులోపు పంపుతాం, వాటికి అదనంగా ఏమీ ఇవ్వక్కర్లేదు. మానేయాలనుకుంటే అక్టోబరు 28వ తేదీలోపు చెప్పండి, మిగిలిన డబ్బు తిరిగి వేస్తాం." చివర "మళ్ళీ ఏడాది దాకా పెంచము" అని రాయమంటారా?

మునగాకు:
క్షమాపణ తీసేశారు, మంచిదే. తప్పు చేసినట్టు ఎందుకు? ఏడాది మాట కూడా రాయండి, తినేవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది.

వంటింటి లెక్క:
వద్దు. మార్చిలో సిలిండర్ ఏమవుతుందో మీ చేతిలో లేదు. మాట ఇచ్చి తప్పేకంటే ఇవ్వకపోవడం నయం.

గోదావరి గట్టు:
ఏటా ఆరేసి పెంచి ఏటా ఈ తలనొప్పి దేనికి? ఒకేసారి 100 చేసి రెండేళ్ళు ఊరుకోండి.

రూమ్ నంబర్ 304:
100 అయితే నెలకి 2,600. 2,496 చూస్తే రెండున్నర వేల లోపే కదా అనుకుంటా. 2,600 అంటే పక్క మెస్ ఎంతో కనుక్కుంటా. నా వరకు అంతే.

గోదావరి గట్టు:
మీరు చూస్తారు. మా వైపు పెద్దవాళ్ళు 96 అంటే నాలుగు చిల్లర ఏదని అడుగుతారు.