మిర్చిలో మందు కొట్టే కూలీలకు రక్త పరీక్షా, గ్లౌజులా?

ప్రత్తిపాడు రైతు: మా రైతు సంఘం దగ్గర కొంత సొమ్ము మిగిలింది. మందు కొట్టే కూలీలకు క్యాంపు పెట్టి కోలినెస్టరేజ్ రక్త పరీక్ష చేయిద్దామని కొందరు, ఆ డబ్బుతో గ్లౌజులు, మంచి స్ప్రేయర్లు కొందామని కొందరు అంటున్నారు. ఏది ఉపయోగం?

నల్లరేగడి: పరీక్షే చేయించండి. ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ లాంటి మందులు ఒంట్లోకి పోతే రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ పడిపోతుంది. రిపోర్టులో నార్మల్ రేంజ్‌లో ఉంటే టెన్షన్ లేదు, తక్కువుంటే ఆస్పత్రికి పంపొచ్చు. లెక్క తేలిపోతుంది.

ల్యాబ్ రావు: మొదటి సగం నిజం, రెండోది కాదు. ఆ నార్మల్ రేంజ్ చాలా వెడల్పు. ఈ ఎంజైమ్‌ని రక్తంలోని ప్లాస్మాలో గానీ, ఎర్ర కణాల్లో గానీ కొలుస్తారు. ఉదాహరణకు ఒక ల్యాబ్‌లో ప్లాస్మా పరీక్షకు 5,300 నుంచి 12,900 యూనిట్ల దాకా నార్మల్ అనుకుందాం. ఒక కూలీకి మందు ముట్టకముందు 11,000 ఉంది, సీజన్ మధ్యలో 6,200కి పడింది. రిపోర్టు చూస్తే నార్మలే. కానీ తన మామూలు స్థాయిలో 56 శాతమే మిగిలింది. కాలిఫోర్నియాలో ప్లాస్మా 60 శాతానికి పడితే మనిషిని ఆ పని నుంచి తప్పిస్తారు, 80 శాతానికి తిరిగొచ్చాకే మళ్ళీ పెడతారు. ఇంకొకడికి పుట్టుకతోనే 5,200 ఉంటుంది, వాడికి ఏమీ కాకపోయినా రిపోర్టులో ఎర్రగా కనిపిస్తుంది. లివర్ బాగోకపోయినా, గర్భవతి అయినా తగ్గుతుంది.

అందుకే ఒక్క క్యాంపు దండగ. నెల రోజులు ఈ రకం మందు ముట్టనప్పుడు, అంటే నారు వేయకముందు, ఒకసారి రక్తం తీయాలి. తర్వాత స్ప్రేలు జోరుగా ఉన్నప్పుడు అదే ల్యాబ్‌లో, అదే పద్ధతిలో మళ్ళీ తీయాలి. కోతలయ్యాక పెడితే ప్లాస్మా అప్పటికే కోలుకుని ఉంటుంది. ఎర్ర కణాల పరీక్ష అయితే మూడు నాలుగు నెలల దాకా జాడ చూపిస్తుంది గానీ మన దగ్గర చేసే ల్యాబ్‌లు అరుదు.

పల్నాటి కోడలు: మా మరిదికి పోయిన ఏడాది ముఖమంతా చీమలు పాకినట్టు మంట. ఆ పరీక్షే చేశారు, నార్మల్ అన్నారు. మందు పడలేదు, ఎండదెబ్బ అని పంపించారు. అయితే నిజంగా మందు కాదా?

ల్యాబ్ రావు: ఏం కొట్టాడమ్మా? లాంబ్డా సైహలోత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ అయితే చర్మం మీద పడి అలాగే మండుతుంది, చెమట పట్టిందంటే ఇంకా ఎక్కువ. సాధారణంగా ఒక రోజులో తగ్గుతుంది. అది కోలినెస్టరేజ్‌ని ముట్టదు కాబట్టి పరీక్ష నార్మలే వస్తుంది. డయాఫెంథియురాన్ అయినా అంతే. నల్ల తామర పురుగు వచ్చాక ఈ బాపతు మందులే ఎక్కువ కొడుతున్నారు కదా.

బాపట్ల బుల్లోడు: మరి సగం మందుల్ని చూడలేని పరీక్షకి డబ్బెందుకండీ? మా చేలల్లో జరిగేది చెబుతా. ఆటోలో 200 లీటర్ల డ్రమ్ము, దాన్నుంచి పొడుగు పైపు. గన్ను పట్టేవాడు ఒకడు, పైపు లాగేది ఇద్దరు ఆడవాళ్ళు. పైపు మందులో తడిసి ఉంటుంది, వాళ్ళ చేతులకు ఏమీ ఉండవు. మందు కలిపేది కూడా వాళ్ళే, సీసా మూతతో కొలిచి, ఒక్కోసారి చేత్తో కలిపేస్తారు. లీటరుకు 2 మి.లీ. మందు కలుపుతాం. అంటే చేతి మీద ఒక్క మి.లీ. చిక్కటి మందు పడితే అర లీటరు స్ప్రే నీళ్ళు పడ్డట్టే. ముందు వాళ్ళకి నైట్రైల్ గ్లౌజులు, కొలగ్లాసు, కలపడానికి కర్ర ఇవ్వండి. గుడ్డ గ్లౌజులు వద్దు, మందు పీల్చుకుని చర్మానికి అంటిపెట్టుకుని ఉంటాయి.

నల్లరేగడి: గ్లౌజులు ఇస్తే ఎవరు వేసుకుంటారు? ఎండలో చెమటకి పది నిమిషాల్లో తీసేస్తారు.

బాపట్ల బుల్లోడు: రోజంతా కాదు, కలిపేటప్పుడూ పైపు పట్టేటప్పుడూ వేసుకుంటే చాలు అంటున్నా. పైసూటు మాట నేనెత్తలేదు.

ల్యాబ్ రావు: ఖర్చులేనిది ఒకటుంది. సంఘం ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, సీసా మీద ఉన్న మందు పేరు, కలిపాడా, కొట్టాడా, పైపు లాగాడా, ఆ రాత్రి చెమటలు, చొంగ, కళ్ళు మసకలు, వాంతులు ఉన్నాయా అన్నది రాయాలి. ఆస్పత్రికి పోతే ఖాళీ సీసా వెంట తీసుకెళ్ళాలి. 1968 క్రిమిసంహారక మందుల చట్టం 26వ సెక్షన్ కింద విషప్రభావం కేసుల్ని తెలియజేయమని రాష్ట్రం ఆదేశించొచ్చు. ఊళ్ళో కేసులు రాసి ఉంటే గదా తెలియజేసేది. 2017లో యవత్మాల్‌లో పత్తికి మందు కొట్టి కూలీలు చనిపోయాక గానీ లోకానికి తెలియలేదు.

ప్రత్తిపాడు రైతు: బుక్కు, గ్లౌజులు సరే. పది మందికైనా ముందు, మధ్యలో రెండుసార్లు పరీక్ష చేయిద్దామా?

పల్నాటి కోడలు: చేయించండి, కానీ 56 శాతం వచ్చినవాణ్ణి పని మాన్పిస్తే ఆ రోజుల కూలి ఎవరిస్తారు? సంఘమా, చేను ఆసామా? అది తేల్చకుండా రక్తం తీస్తే రెండోసారికి ఎవరూ రారు.

ప్రత్తిపాడు రైతు: ఇది మీటింగులో పెట్టాల్సిందే. కలుపు పనులకి, కోతలకి మారుస్తామంటే ఒప్పుకుంటారేమో.

ల్యాబ్ రావు: మార్చినా, నిన్న కొట్టిన చేలోకి పంపకండి. ఆకుల మీది తడీ ఆ మందే.