అప్‌డేట్: ఇంటర్వ్యూకి గంట ముందే వెళ్లి కూర్చోవచ్చా అన్న ప్రశ్న

నేను అడిగింది: 11 గంటలకి ఇంటర్వ్యూ, లేటవుతుందేమోనని భయంగా ఉంది, గంట ముందే వెళ్లి లోపల కూర్చుంటే తప్పా?

నిన్న అయిపోయిందండీ. మీరన్నట్టే ఆ ఏరియాకి 10కే చేరాను కానీ బయటే ఆగి, గేటు దగ్గరికి 10:35కి వెళ్లా, ఐడీ చూపించి విజిటర్ పాస్ తీసుకుని లిఫ్ట్ ఎక్కేసరికే పది నిమిషాలు పట్టింది, అంటే రిసెప్షన్‌లో 10:45. ఆ పది నిమిషాలు లెక్కలో వేసుకోకపోతే కంగారు పడేదాన్ని.

కొత్త షర్ట్ ముందురోజు వేసుకుని కుర్చీలో కూర్చుని చూశా, నిలబడితే బానే ఉంది కానీ కూర్చుంటే బటన్ల మధ్య గ్యాప్ వస్తోంది, అందుకే పాతదే ఇస్త్రీ చేసి వేసుకున్నా. ఇది మాత్రం అందరూ చూసుకోండి, ఇంటర్వ్యూ అంతా కూర్చునే కదా ఉంటాం.

రిసెప్షన్‌లో పేరు, టైమ్, ఎవర్ని కలవాలో చెప్పి ఫోన్ స్విచాఫ్ చేసేశా, సైలెంట్‌లో పెట్టినా చెయ్యి దానిమీదకే పోతుంది. బ్యాగ్ ఒళ్లో కాకుండా ఎడమవైపు కింద పెట్టుకున్నా. మంచిదైంది, ఎందుకంటే పిలవడానికి మేనేజరే స్వయంగా వచ్చారు, వెంటనే లేచి గుడ్ మార్నింగ్ చెప్పగలిగా, ఆవిడ చెయ్యి చాపాకే షేక్‌హ్యాండ్ ఇచ్చా.

రిజల్ట్ వచ్చే వారం చెప్తారట.