సోఫా ఇంట్లోకి పట్టకపోతే ఎవరి బాధ్యత? అమ్మేవాళ్లు ఎంతవరకు రాయాలి?

నయీంనగర్ వాసి
నా పాత కుషన్ సోఫా అమ్మకానికి పెట్టిన. "త్రీ సీటర్, మంచి కండిషన్, 14 వేలు" అని రాసి ఫొటోలు పెట్టిన. కాజీపేట నుంచి ఒకాయన వచ్చి, కూర్చొని చూసి, డబ్బులిచ్చి ట్రాలీ ఆటోల వేసుకపోయిండు. రెండో అంతస్తుల వాళ్ల ఇంటి తలుపుల పట్టలేదట. ఇప్పుడు పైసలు వాపస్ ఇయ్యి, ట్రాలీ కిరాయి కూడా ఇయ్యి అంటున్నడు. కొలతలు నేను రాయాల్నా, ఆయన కొలుచుకోవాల్నా?

బట్టల బజార్
ఇల్లు ఆయనది, దర్వాజ ఆయనది, మెట్లు ఆయనవి. వాటి కొలత నీకెట్ల తెలుస్తది తమ్మీ? ఒక్క రూపాయి వాపస్ ఇయ్యకు. త్రీ సీటర్ అంటే ఏడు అడుగులని అందరికీ తెలుసు. క్వీన్ సైజు మంచమంటే ఐదు బై ఆరున్నర. అన్నీ స్టాండర్డే, మళ్లా రాసుడెందుకు? కొనేటోడు సొంతంగ వచ్చి కళ్లతో చూసిండు, చేతితో తట్టిండు. ఇంక అమ్మినోడు చెప్పేదేముంది?

చెక్కపని
అన్నా, దర్వాజ కొనేటాయనదే, దాన్ని కొలవాల్సింది ఆయనే. ఆ మాట ఒప్పుకుంట. స్టాండర్డ్ అన్నదే ఒప్పుకోను. ఐదు బై ఆరున్నర అనేది పరుపు సైజు. ఆరడుగుల పొడవు పరుపును కూడా క్వీన్ అనే అమ్ముతున్నరు. మంచం బయటి కొలత దానికంటే ప్రతి దిక్కునా కొన్ని ఇంచులు ఎక్కువుంటది. త్రీ సీటర్లు ఆరడుగులవీ ఉన్నయి, ఏడున్నర అడుగులవీ ఉన్నయి.

అసలు సోఫా తలుపుల ఇరికేది పొడవు వల్ల కాదు. ఒక కొసను ముందు పెట్టి పొడవుగ లోపలికి తోస్తం కాబట్టి తలుపుకు అడ్డం పడేది లోతు, వీపు ఎత్తు. మామూలు కుషన్ సోఫా ఒకటి తీసుకుందాం. పొడవు 84 ఇంచులు, లోతు 36, వీపు ఎత్తు 34, చేతుల ఎత్తు 24. కింద కాళ్లు 4 ఇంచులు. ఇప్పుడు దర్వాజ చూడండి. మూడడుగుల దర్వాజ అంటే చెక్క బయటి అంచు నుంచి బయటి అంచుకు 36. రెండు పక్కల చెక్క మందం పోతే లోపల 31 మిగులుతది. తలుపు తెరిచినా రెక్క మందం ఇంచు, ఇంచుంబావు ఆ సందులోనే నిలబడుతది. చేతికి దొరికేది 30 లోపే.

ఆ 30ల 34 పట్టదు. వాలుగ తిప్పితే? వంకర లేని ఒక బద్దను వీపు పైఅంచు మీద నుంచి చెయ్యి ముందు అంచు మీదికి ఆనియ్యండి. సోఫా వెనుక అడుగు మూల నుంచి ఆ బద్దకు అడ్డంగ టేపు పెట్టి కొలవండి. ఈ సోఫాకు 33 వస్తది. అంటే వాలుగ కూడా పట్టదు. అదే నాలుగు కాళ్లు విప్పితే ఎత్తు 30 అయితది, వాలు కొలత 29కి దిగుతది. ఇరుకుగ అయినా లోపలికి పోతది. తలుపు రెక్కను కూడా కీలు నుంచి తీస్తే ఇంకా సులువు.

కాళ్లు ఊడుతయా ఊడయా అన్నది అమ్మేటాయనకు తప్ప ఇంకొకరికి తెల్వదు. కింద బట్ట కప్పి ఉంటది, ఫొటోల కనబడది. అందుకే ఆ ఒక్క మాట అమ్మేటోడు రాయాల్సిందే. నేనైతే ఇట్ల రాస్త: "ఒకే పీసు, విడదీయరాదు. 84 పొడవు, 36 లోతు, 34 ఎత్తు. కాళ్లు మరతో తిప్పితే ఊడుతయి, ఊడితే ఎత్తు 30. వాలు కొలత 29."

పరకాల కోడలు
మా ఇంట్ల స్టీల్ బీరువా కూడా ఇట్లనే అయింది అన్నా. అమ్మిన వాళ్లు "ఇద్దరు చాలు" అన్నరు. వచ్చిన ఇద్దరు హమాలీలు మొదటి మలుపు దాక ఎక్కించి, అద్దం ఉన్న బీరువా మా వల్ల కాదని అక్కడనే పెట్టి కూర్చున్నరు. ఇంకో ఇద్దరిని పిలిచి డబల్ కూలి ఇచ్చినం. మెట్ల మీద అందరికీ అడ్డం, వాళ్లతోని లొల్లి. బీరువా బరువు ఎట్ల తెలుస్తది? ఇప్పుడు మేం దాన్ని అమ్మాలనుకుంటున్నం.

చెక్కపని
అక్కా, ఇంట్ల మనుషుల బరువు చూసుకునే మిషన్ ఉంటే చాలు. బీరువా ఖాళీ చేసి, అద్దం పైకి వచ్చేటట్టు పండబెట్టండి. ఒక కొస మిషన్ మీద, రెండో కొస అంతే ఎత్తు చెక్క మీద పెట్టి అంకె రాసుకోండి. తర్వాత కొసలు మార్చి మళ్లీ చూడండి. 38, 34 వచ్చినయంటే బీరువా 72 కిలోలు. రెండు వైపులా ఎత్తు సమానంగ ఉండాలె, లేకపోతే లెక్క తప్పుతది. 72 కిలోలు నేల మీద ఇద్దరితో అయితది. మెట్ల మీద కింద ఉన్నోని మీదికే ఎక్కువ బరువు వస్తది కాబట్టి నలుగురు అని రాయండి. లాకర్ తాళంచెవి ఉన్నదా లేదా అనేది కూడా.

సుబేదారి
చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే వస్తువు అమ్మేటప్పుడు ఎక్కడుందో అక్కడే డెలివరీ ఇచ్చినట్టు లెక్క. ఇక్కడ సోఫా నయీంనగర్ గడప దాటగానే ట్రాలీ, మెట్లు, తలుపు అన్నీ కొన్నాయన చూసుకోవలసినవే. కాని "ఇంటికి చేరుస్తాం" అని రాసి ఉంటే కథ వేరు. చేర్చడమంటే గేటు దాకానా, గదిలో పెట్టేదాకానా అన్నదగ్గరే తగువులు పుడతాయి. "కింద గేటు వరకే, పైకి ఎక్కించే కూలి మీదే" అని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. వివరణకు వస్తువు సరిపోకపోతే కొన్నవాళ్లు తిరగ్గొట్టవచ్చు. ఇక్కడ కొలతే రాయలేదు కాబట్టి కొలత తప్పు అనడానికి లేదు.

బట్టల బజార్
చూసిన్రా, చట్టం కూడా నా మాటే అంటున్నది. పైగా ఇన్ని అంకెలు రాస్తే ఎవడు చదువుతడు? ఫోన్ చేసేటోళ్లు ఫొటో, ధర చూసి చేస్తరు.

సుబేదారి
మీ మాట సగమే అంటోంది. కొలత రాసి అది తప్పయితే అప్పుడు బాధ్యత అమ్మినవారిదే. అందుకే ఊహించి "ఏడడుగులు" అని రాయడం కన్నా టేపుతో కొలిచి 84 అని రాయడం మేలు.

చెక్కపని
చదివేది తక్కువ మందే కావచ్చు అన్నా, కాని ట్రాలీ మాట్లాడేది వాళ్లే. ఇంకోటి మరిచిపోయిన. "మా దగ్గర లిఫ్టు ఉంది" అంటే ధీమా వద్దు. అపార్ట్‌మెంట్ లిఫ్టు తలుపు ఎత్తు చాలావరకు ఆరున్నర అడుగుల దగ్గర ఉంటది, 84 ఇంచుల సోఫా అందుల నిటారుగ పోదు.

విప్పి బిగించే వార్డ్‌రోబ్ అయితే పార్టికల్ బోర్డా, ప్లైవుడ్డా, ఇంతకుముందు ఎన్నిసార్లు విప్పిన్రు అన్నది రాయాలె. పార్టికల్ బోర్డుల స్క్రూ ఒకసారి ఊడదీసి మళ్లా బిగిస్తే పట్టు తగ్గుతది. రెండోసారి విప్పిన దానికి తలుపులు జారుతుంటయి.

నయీంనగర్ తమ్మీ, కాజీపేట ఆయన కాళ్లు విప్పి చూసిండా? అడుగు.

నయీంనగర్ వాసి
ఇప్పుడే ఫోన్ చేసిన. కాళ్లు ఊడుతయని ఆయనకు తెల్వదు. నీవు చెప్పినట్టు విప్పించిన. వాలు కొలత 29 వచ్చింది. కాని దర్వాజ లోపలనే ఇనుప గ్రిల్ ఫ్రేమ్ వెల్డింగ్ చేయించుకున్నడట, సందు 27 మాత్రమే. సోఫా కింద పార్కింగ్‌ల ఉన్నది.

చెక్కపని
27ల పోదు. బాల్కనీ నుంచి తాళ్లు కట్టి లాగొచ్చు, కాని కరెంటు తీగలు దగ్గర ఉంటే ఆ పని పెట్టుకోవద్దు. సగం పైసలకు వాపస్ తీసుకొని, ఈసారి కొలతలతో మళ్లీ పెట్టు.

బట్టల బజార్
సగమెందుకు? గ్రిల్ పెట్టించుకున్నది ఆయన.

పరకాల కోడలు
నాకైతే మొత్తం ఇచ్చి, ట్రాలీ కిరాయి మాత్రం ఆయన మీద వదిలేయడమే న్యాయం అనిపిస్తుంది. తమ్ముడూ, సోఫా రంగు ఏంది? మా ఇంటి దర్వాజ నాలుగడుగులు, కింది అంతస్తే.