టైమ్ ప్రకారం డెలివరీ: స్టాప్‌ల వరుస ఎలా వేయాలి?

విజయవాడ పటమటలో దోశ పిండి వ్యాపారం మాది. ఒకే ఆటో, రోజూ 14 చోట్ల ఇవ్వాలి. సత్యనారాయణపురంలో టిఫిన్ సెంటర్‌కి 6 లోపు పడాలి, గాంధీనగర్ హాస్టల్ వాళ్లు 6:15 నుంచి 6:45 మధ్యే తీసుకుంటారు, పటమట, లబ్బీపేట అపార్ట్‌మెంట్లలో ఏడు దాటితే గానీ తలుపు తీయరు. దగ్గరివి ముందు ఇచ్చుకుంటూ వెళ్తే గేటు దగ్గరే కాలమంతా పోతోంది, టిఫిన్ సెంటర్‌కి లేటవుతోంది. గూగుల్ మ్యాప్స్ మనం ఇచ్చిన వరుసలోనే దారి చూపిస్తుంది, ఎవరికి ఎప్పుడు కావాలో దానికి పట్టదు.

అందుకే తిరగేసి ఆలోచిస్తున్నా. 5:20కి బయల్దేరి దారిలో ఎక్కడా ఆగకుండా ముందు సత్యనారాయణపురం, తర్వాత గాంధీనగర్, తిరుగు దారిలో లబ్బీపేట, చివరికి పటమట. కానీ హాస్టల్లో 6:30కి పనైపోతే ఏడు దాకా ఖాళీ, ఆ తర్వాత లిఫ్ట్ ఎక్కి దిగడానికే ఒక్కో ఇంటికి 5 నిమిషాలు, పన్నెండు ఇళ్లకి గంట దాకా పడుతుంది. చివరి ఇళ్లవాళ్లకి ఎనిమిదిలోపే కావాలి.

ఆ ఖాళీలో వాచ్‌మన్ దగ్గర పెట్టించుకోమని కొందరిని అడగడం మేలా, లేక పటమట ఇళ్లకి వేరే మనిషిని బైక్ మీద పంపాలా? ఇలాంటి రూట్ నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇంటింటి దగ్గర పట్టే టైమ్‌ని కూడా లెక్కలోకి తీసుకునే ఉచిత యాప్ ఏదైనా ఉందా?