సమస్యాపూరణం: «సూర్యుఁడస్తమింపఁ జురుకు హెచ్చె»

నిర్వహణ (బెంగళూరు పద్యమిత్రులు):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం: «సూర్యుఁడస్తమింపఁ జురుకు హెచ్చె». పొద్దు గుంకితే చల్లబడాలి గాని చురుకు హెచ్చడమేమిటన్నది చిక్కు. విషయం క్రికెట్ బంతి రంగులు, పగలు-రాత్రి టెస్టు. చిన్నస్వామి స్టేడియం మన ఊళ్ళోనే ఉంది కనుక 2022 మార్చిలో శ్రీలంకతో జరిగిన టెస్టును వాడుకున్నా సరే. పద్యం కింద ఆట విషయం తప్పితే ఆ తప్పు కూడా చెప్పండి.

లలిత:
ఎఱుపు బంతి రేయి యెవరికిఁ గనరాదు
తెల్లదైన మాసి తేలిపోవు
కమలవర్ణ బంతి గద వచ్చె నందుకే
సూర్యుఁడస్తమింపఁ జురుకు హెచ్చె

శాస్త్రి:
గణాలు, యతులు సరిపోయాయమ్మా. మూడో పాదంలో «కమలవర్ణ బంతి» మాత్రం వైరి సమాసం. సంస్కృతపదాన్ని తెలుగుపదంతో అలా అంటగట్టకూడదు. «కమలవర్ణమైన కందుకం బందుకే» అని మార్చండి. యతి క-క కలుస్తుంది, చివరి పాదానికి «కందుకంబు» కర్తగా దొరుకుతుంది. మీ పద్యంలో చురుకు దేనికి హెచ్చిందో తేలలేదు, ఈ మార్పుతో తేలుతుంది.

రమణ:
విషయం చాలావరకు సరే. ఎర్ర బంతి ఎవరికీ కనపడదనడం కొంచెం ఎక్కువ. ఫ్లడ్‌లైట్ల కింద అది గోధుమరంగుకు దిగుతుంది, పిచ్ కూడా అదే రంగు, దాంతో బ్యాట్స్‌మన్‌కు కలిసిపోయినట్టుంటుంది. 1970ల చివర ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ సొంత పోటీలు దీపాల కింద పెట్టినప్పుడు తెల్ల బంతి వచ్చింది ఇందుకే. తెల్ల బంతికి నల్ల సైట్‌స్క్రీన్, రంగుల బట్టలు కావాలి. టెస్టులో బట్టలూ తెలుపే, తెరా తెలుపే. పైగా 80 ఓవర్లదాకా కొత్త బంతి ఇవ్వరు, అంతసేపు తెల్లదనం నిలవదు. వన్డేల్లో 2011లో రెండు వైపులా రెండు కొత్త బంతులు పెట్టింది కొంతవరకు ఈ మాసిపోవడం వల్లే.

ఇక పూత సంగతి. ఎర్ర బంతి తోలుకు రంగు లోపలికి ఇంకుతుంది. అరిగినా కింద ఎరుపే ఉంటుంది, బౌలర్ ఒక పక్క రుద్దితే మళ్ళీ మెరుపు వస్తుంది. తెలుపు, గులాబీ రంగులు తోలుమీద పూసినవి. గులాబీ బంతికి రంగు పోకుండా పైన పారదర్శకమైన పూత ఎక్కువ మందంగా వేస్తారు. కుట్టు దారం నలుపు, బ్యాట్స్‌మన్‌కు కుట్టు కనబడాలని. ఆ పూత ఉన్నంతసేపు బంతి జారుతూ, వంగుతూ, పిచ్‌మీద పడ్డాక అనుకున్నదానికన్నా త్వరగా వస్తుంది. పూత పోయాక రుద్దినా పెద్దగా లాభం లేదు. పాతబడి మెత్తబడితే మధ్యాహ్నం పరుగులు సులువు. చురుకంతా మొదటి ముప్పై, నలభై ఓవర్లలోనే.

వెంకట్:
మా అపార్ట్‌మెంట్ వాళ్ళం శనివారం రాత్రి లైట్ల కింద ఆడుతున్నాం, సిమెంటు పిచ్. ఈ గులాబీ బంతే కొనాలా? పనిలో పని, నా పూరణ:

తెల్ల బంతి తడిసి మంచుతో జాఱఁగా
స్పిన్ను వేయువాఁడు చిన్నఁబోయె
బ్యాటు పట్టువాని బాదుడే బాదుడై
సూర్యుఁడస్తమింపఁ జురుకు హెచ్చె

శాస్త్రి:
మొదటి పాదంలో యతి పోయింది వెంకట్ గారూ. «తె»కు «మ» కుదరదు. «మంచుతో» తీసి «తేమతో» పెట్టండి. రెండో పాదంలో స్పి-చి బాగా పడింది. మూడో పాదం నవ్వు తెప్పించింది.

రమణ:
కొనకండి. సిమెంటు మీద ఏ తోలుబంతి పూతైనా గీసుకుపోతుంది. గులాబీ బంతికి పైపూతే ప్రాణం కనుక ముందు నష్టపోయేది అదే. మీ బట్టలు రంగులైతే, వెనక ముదురు తెర కట్టగలిగితే తెల్ల బంతి తీసుకోండి.

పద్యంలో మీరు చెప్పింది టెస్టు సంగతి కాదు, వన్డే సంగతి. అక్కడ రాత్రి మంచు పడితే స్పిన్నర్ వేళ్ళు జారి, ఛేదించే జట్టుకు లాభం. టెస్టులో మాత్రం కథ రెండు రకాలుగా నడుస్తుంది. మంచు బంతిని తడిపితే స్పిన్నర్‌కు ఇదే కష్టం. మంచు ముదరకముందే కొత్త గులాబీ బంతి దొరికిందా, ఫాస్ట్ బౌలర్‌దే రాజ్యం. 2019 నవంబరులో ఈడెన్‌లో బంగ్లాదేశ్‌తో ఆడినప్పుడు ఆట మధ్యాహ్నం ఒంటిగంటకే మొదలుపెట్టింది మంచు భయంతోనే.

లలిత:
పొద్దు గూకితే గులాబీ బంతి ఎంత చెడుగుడు ఆడుతుందో అడిలైడ్ చూపించింది కదా. నాది రెండో పూరణ:

ముప్పదాఱుకల్ల ముగిసె నిన్నింగ్సహో
ఆటగాండ్ర బ్యాటులంచు తగిలి
కంగరూల గడ్డఁ గనుచీఁకటిం బడన్
సూర్యుఁడస్తమింపఁ జురుకు హెచ్చె

రమణ:
పద్యం పసందుగా ఉంది, వాస్తవమే అడ్డం వస్తోంది. 2020 డిసెంబరు 19న ఆ 36 పరుగుల పతనం జరిగింది ఎండలో. మూడో రోజు ఆట మొదలైన మొదటి భాగంలోనే మన బ్యాటింగ్ కుప్పకూలింది. ముందురోజు రాత్రి మనం ఆరు ఓవర్లు ఆడి 9 పరుగులకు ఒక వికెట్‌తో నిలిచాం. అంటే మర్నాడు హేజిల్‌వుడ్, కమిన్స్ చేతికి వచ్చింది ఆరు ఓవర్ల వయసు బంతి, పూత చెక్కుచెదరనిది. ఒకరు 8 పరుగులకు 5, మరొకరు 21కి 4. కుట్టు మీద పడి కాస్త కదిలింది, అంచులు తగిలాయి. కనుచీకటికి అందులో వాటా లేదు.

లలిత:
మరి చివరి పాదం నిలిచేదెలా?

శాస్త్రి:
మూడో పాదం మార్చుకుంటే నాలుగో పాదం అతకదు. ఆ మ్యాచ్ ఈ సమస్యకు పనికిరాదు, అంతే.

రమణ:
బెంగళూరు మ్యాచ్ పనికొస్తుంది. నా ప్రయత్నం:

పగటిపూట స్పిన్ను పదునుగా నుండినన్
లంక యాఱు వికెటు లప్పగించె
బెంగళూరులోనఁ బేసర్లు రేగఁగా
సూర్యుఁడస్తమింపఁ జురుకు హెచ్చె

దీని వెనక లెక్క ఇది. మార్చి 12న ఆట మధ్యాహ్నం రెండింటికి మొదలైంది. ఆ రోజుల్లో ఇక్కడ పొద్దు గుంకేది దాదాపు ఆరున్నరకు. రెండేసి గంటల మూడు భాగాలు, మధ్యలో నలభై, ఇరవై నిమిషాల విరామాలు, గంటకు పదిహేను ఓవర్లు అనుకుంటే మూడో భాగం ఏడింటికి మొదలవుతుంది. ఒక జట్టు రోజంతా ఆడితే 80 ఓవర్లు పూర్తయ్యేది ఎనిమిదీ ఇరవైకి. అప్పుడు కొత్త బంతి తీసుకుంటే రోజుకు మిగిలేవి పదే ఓవర్లు. అదే జట్టు 60 ఓవర్ల దగ్గర ఆపితే, కొత్త బంతితో ముప్పై ఓవర్లు దీపాల కింద వేయవచ్చు.

మనవాళ్ళు కావాలని ఆపలేదు, 59 ఓవర్ల చిల్లరకు 252 పరుగుల దగ్గర ఆలౌట్ అయ్యారు. శ్రేయస్ అయ్యర్ 92. ఆ పదింటిలో ఎనిమిది వికెట్లు స్పిన్నర్లవి, ఒకటి రనౌట్, ఒక్కటే పేసర్ లక్మల్‌ది. పిచ్ మొదటి రోజే తిరిగింది. రాత్రి అదే పిచ్‌మీద లంక 30 ఓవర్లు ఆడి 86 పరుగులకు 6 వికెట్లు పోగొట్టుకుంది. అందులో ఐదు బుమ్రా, షమీలవే, స్పిన్‌కు దక్కింది అక్షర్ తీసిన ఒక్కటి. ఒకే పిచ్, మారింది బంతి వయసూ వేళా. రెండో రోజు రాత్రి మనవాళ్ళు 303 పరుగులకు 9 వికెట్ల దగ్గర డిక్లేర్ చేసి ఏడు ఓవర్లు మిగుల్చుకున్నారు. బుమ్రా మూడో బంతికే తిరిమన్నెను ఎల్బీ చేశాడు.

శాస్త్రి:
యతులు ప-ప, లం-ల, బె-బే, అన్నీ పడ్డాయి. «వికెటు లప్పగించె» దగ్గర విరుపు చక్కగా ఉంది. మొదటి పాదం రెండో పాదానికి నేరుగా అతకలేదు. పగలు స్పిన్ను ఎవరిని ఇబ్బంది పెట్టిందో చెప్పాలి. చదివేవాడు లంకనే అనుకుంటాడు.

రమణ:
ఒప్పుకుంటాను, ఆ పదునుకు బలైంది మనవాళ్ళు. ఒక్క ఆటవెలదిలో రెండు ఇన్నింగ్సులు ఇరకడం లేదు.

లలిత:
రమణ గారూ, మీ లెక్కలో ఒక కంత. మర్నాడు మధ్యాహ్నం, మంచి వెలుతురులో, లంక మిగతా నాలుగు వికెట్లు 35 బంతుల్లో పోయాయి. 109కి ఆలౌట్. పొద్దు గుంకకుండానే చురుకు హెచ్చిందిగా?

రమణ:
అవి అడుగు వరస వికెట్లు, అందులో రెండు అశ్విన్‌వి. బంతి వయసు ముప్పై ఓవర్లే. రాత్రి వెలుతురుకు ఎంత, బంతి కొత్తదనానికి ఎంత అని పంచిపెట్టడం నా వల్ల కాదు. చల్లబడ్డ గాలికీ తేమకూ బంతి ఎక్కువ వంగుతుందని బౌలర్లంటారు. శాస్త్రం చదివినవాళ్ళు అందరూ దాన్ని ఒప్పుకోరు. బ్యాట్స్‌మన్‌కు సంధ్యవేళ బంతి సరిగా కనబడకపోవడం మాత్రం ఎక్కువమంది ఆటగాళ్ళు చెప్పేదే. ఆకాశం వెలుగు తగ్గి, దీపాల వెలుగు ఇంకా పైచేయి కాని ఆ అరగంట.

మూడో రోజు చూడండి, కరుణరత్నె 107 చేశాడు. ఆట రెండింటికి మొదలు, లంక 208కి ఆలౌట్, అశ్విన్‌కు 4. పగలు మళ్ళీ స్పిన్‌దే పని.

వెంకట్:
అయితే ప్రతి కెప్టెనూ సాయంత్రం ఆరింటికి డిక్లేర్ చేసేస్తే సరి కదా!

రమణ:
2016 నవంబరులో అడిలైడ్‌లో దక్షిణాఫ్రికా కెప్టెన్ డుప్లెసి అదే చేశాడు. 259 పరుగులకు 9 వికెట్ల దగ్గర, 76 ఓవర్లకే, తాను 118తో ఆడుతుండగా ఆపేశాడు. ఆస్ట్రేలియా ఓపెనర్ వార్నర్ అప్పటికి చికిత్సకని మైదానం బయట ఉన్నందున ఓపెనింగ్‌కు రాలేకపోయాడు. ఎత్తు గొప్పది. కాని ఆ రాత్రి ఆస్ట్రేలియా వికెట్ పోకుండా 14 పరుగులతో నిలిచింది, వార్నర్ బదులు దిగిన ఖవాజా 145 చేశాడు, వాళ్ళే 7 వికెట్లతో గెలిచారు. ఆపినప్పుడు వదులుకున్న పరుగులు తిరిగి రావు. ఆఖరి జోడీ మరో పాతిక చేసేలా ఉంటే లెక్క మారిపోతుంది.

వెంకట్:
శాస్త్రి గారూ, ఖవాజా మీద ఒక పాదం వచ్చింది: «వార్నరు బదులుగను ఖవాజ నిలిచె». నాలుగో పాదానికి ముందు పెట్టొచ్చా?

శాస్త్రి:
పెట్టకూడదు. «వార్న, రుబదు, లుగను» దాకా మూడు సూర్యగణాలూ సరే. నాలుగోది «ఖవాజ», అందులో లఘువు, గురువు, లఘువు. మూడో పాదంలో అక్కడ ఇంద్రగణం రావాలి, అది ఇంద్రగణం కాదు, యతి కూడా కుదరలేదు. పైగా ఖవాజా నిలిచాడంటే చురుకు తగ్గినట్టు, సమస్యకే ఎదురు. ముందు మీ «తేమతో» పద్యం సరిచేసి పంపండి.